పంట రుణం ఫారం తెలుగులోకి: విత్తిన తేదీ, బీడు, దిగుబడి (ప్రాజెక్టు డైరీ)

గుంటూరు జిల్లా డెల్టా వైపున్న ఒక సొసైటీ పంట రుణాల దరఖాస్తు ఇంగ్లిషులో వాడుతోంది. దాన్ని రైతు చదివి నింపగలిగే తెలుగులోకి తేవడమే ఈ పని. ఇదే పని మీ ఊళ్లో ఎవరైనా ఎత్తుకుంటే పట్టికా, లెక్కలూ నేరుగా వాడుకోవచ్చని ఎప్పటికప్పుడు రాసిపెట్టాను. ఎక్కువ సమయం తిన్నవి మూడు మాటలు, వాటిలోనూ నిఘంటువు 'బీడు' అని చెప్పే 'ఫాలో' ఒక్కటే సగం తినేసింది. అందుకే దాని గురించే ఎక్కువ ఉంటుంది.

దశ 1: మాటల పట్టిక

ముందుగా ఫారంలో సాగుకు సంబంధించిన మాటలన్నీ విడిగా రాసుకున్నాం. 31 తేలాయి. ఒక్కో మాటకు ఐదు గళ్లు:

1. ఇంగ్లిషు మాట.
2. నిఘంటువు చెప్పే తెలుగు.
3. అడంగల్‌లో, 1బిలో, పట్టాదారు పాసు పుస్తకంలో అచ్చయిన మాట.
4. రైతు నోట వినపడే మాట.
5. ఈ గడిలో రాసినదాన్ని తర్వాత ఎవరు, ఏ కాగితంతో సరిచూస్తారు.

ఐదో గడి పెట్టమని సలహా ఇచ్చింది సొసైటీ కార్యదర్శి గారు. అన్నిటికన్నా పనికొచ్చింది అదే. రైతు రాసినదాన్ని గుమాస్తా అడంగల్ పక్కన పెట్టి చూస్తాడు. అడంగల్‌లో 'విస్తీర్ణం' అని ఉండగా మన ఫారంలో 'వైశాల్యం' అని పెడితే రెండూ ఒకటేనా అని ఆయన ఆగిపోతాడు. కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాం: రెవెన్యూ కాగితంలో మాట ఉంటే అదే వాడాలి, అది ఎంత పాతదైనా సరే. అక్కడ లేకపోతే రైతు మాట. అదీ లేకపోతేనే నిఘంటువు.

సర్వే నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణం, మాగాణి, మెట్ట, కౌలుదారు లాంటివి ఈ నియమంతోనే వెంటనే తేలిపోయాయి. ఖరీఫ్, రబీ అలాగే ఉంచాం. డెల్టాలో సార్వా, దాళ్వా అంటారు నిజమే, కానీ దాళ్వా అంటే ఇక్కడ రెండో వరి. రబీ మినుముని ఎవరూ దాళ్వా అనరు.

పరీక్ష పద్ధతి కూడా ఇక్కడే స్థిరపరచుకున్నాం. ఖాళీ ఫారం, పెన్సిలు రైతు చేతికిచ్చి, ఏమీ వివరించకుండా పక్కన కూర్చోవాలి. పెన్సిలు ఎక్కడ ఆగిందో మన కాగితంలో గుర్తు పెట్టుకోవాలి. చదవడం రానివాళ్లకు గుమాస్తా పైకి చదివి వినిపిస్తాడు కాబట్టి ప్రతి ప్రశ్ననీ ఒకసారి చదివి వినిపించి కూడా చూడాలి. కాగితం మీద బాగానే ఉండి, చదివితే అర్థం కాని మాటలు చాలానే దొరుకుతాయి. 'నికర సాగు విస్తీర్ణం' వాటిలో ఒకటి.

*లెక్క: మొత్తం 31. తేలినవి 17. మిగిలినవి 14.*

దశ 2: 'సోయింగ్' తేదీ

మొదటి ప్రతిలో 'విత్తిన తేదీ' అని పెట్టాం. మాటలో తప్పేమీ లేదు. తేదీలే అడ్డదిడ్డంగా వచ్చాయి.

వరి వేసేవాళ్లలో కొందరు నారు పోసిన తేదీ రాశారు, కొందరు నాట్లు పడిన తేదీ రాశారు. రెండింటి మధ్య ఇరవై అయిదు, ముప్పై రోజుల తేడా ఉంటుంది. వెదజల్లిన వాళ్లకు ఒకే తేదీ కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. మిర్చి రైతుల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడు చాలామంది నారు తామే పెంచరు, షేడ్‌నెట్ నర్సరీల్లో ఆరు వారాల మొక్క కొనుక్కొచ్చి నాటుతారు. వాళ్లు విత్తనం ముట్టుకోలేదు. 'విత్తిన తేదీ' దగ్గర గీత గీసి వదిలేసిన ఒక రైతు అన్నమాట: "మేం విత్తలేదండీ, నర్సరీవాళ్లు విత్తారు. మేం మొక్క వేశాం."

ఆ చివరి మాటలోనే జవాబు ఉంది. ఏ పంటనైనా 'వేయడం' అంటారు. వరి వేశారు, మిర్చి వేశారు, పత్తి వేశారు. గొర్రుతో ఎద పెట్టినా, చేత్తో చల్లినా, మొక్క నాటినా అదే మాట సరిపోతుంది. ప్రశ్న ఇలా మారింది: పొలంలో పంట వేసిన తేదీ. దాని కింద టిక్కు పెట్టడానికి మూడు గళ్లు: ఎద పెట్టడం, చల్లడం, నాటడం. నాటడానికి టిక్కు పెడితే నారుమడి తేదీ అక్కర్లేదని గుమాస్తా సూచనల్లో రాశాం.

అంతటితో తీరలేదు. పంట రుణం చాలామంది పంట వేయకముందే తీసుకుంటారు, దున్నడానికీ విత్తనానికీ ఎరువుకీ డబ్బు కావాలి కాబట్టి. జూన్ మొదట్లో దరఖాస్తు పెట్టేవాడిని 'వేసిన తేదీ' ఎంతని అడిగితే ఏం రాస్తాడు? కొందరు నోటికొచ్చిన తేదీ రాశారు, కొందరు ఖాళీ వదిలారు. 'వేయబోయే' అని కలిపాం. అప్పుడు తేదీ బదులు కార్తె పేరు రాసినవాళ్లు కనిపించారు. "ఆరుద్రలో నారు పోస్తాం, వర్షాన్నిబట్టి పునర్వసు దాటాక నాట్లు." వాళ్ల దృష్టిలో ఇది తేదీ కన్నా కచ్చితమైన సమాధానం.

దాన్ని వదులుకోకుండా ఇలా సర్దాం. కార్తె పదమూడు, పద్నాలుగు రోజులుంటుంది, అంటే దాదాపు అర నెల. ఫారంలో నెల పేరు, పక్కన రెండు గళ్లు పెట్టాం: 1 నుంచి 15, 16 నుంచి నెలాఖరు. గుమాస్తా బల్ల మీద ఒక చిన్న అట్ట ఉంటుంది:

- మృగశిర: జూన్ 8 ప్రాంతం నుంచి
- ఆరుద్ర: జూన్ 22 ప్రాంతం నుంచి
- పునర్వసు: జులై 6 ప్రాంతం నుంచి
- పుష్యమి: జులై 20 ప్రాంతం నుంచి
- ఆశ్లేష: ఆగస్టు 3 ప్రాంతం నుంచి
- మఖ: ఆగస్టు 17 ప్రాంతం నుంచి

రైతు కార్తె చెబితే గుమాస్తా గడి నింపుతాడు. పంట వేశాక ఈ-పంట నమోదులో అసలు తేదీ ఎలాగూ వస్తుంది. దరఖాస్తు దగ్గర అంతకన్నా కచ్చితంగా అడిగితే తప్పుడు తేదీలే వస్తాయి.

*లెక్క: తేలినవి 21. మిగిలినవి 10.*

దశ 3: 'ఫాలో' – ఒకే మాట, రెండు చోట్ల రెండు అర్థాలు

ఈ మాట ఫారంలో రెండు చోట్ల ఉంది. భూమి వివరాల పట్టికలో ఒక నిలువు గడికి పేరుగా ఉంది. పంటల జాబితాలో, రుణ పరిమితి పక్కన, 'రైస్ ఫాలో బ్లాక్‌గ్రామ్' అని ఉంది. ఇంగ్లిషు మాటనే తెలుగు లిపిలో రాసేద్దామని ఒక ఆలోచన వచ్చింది. 'ఫాలో' అని రాస్తే చదివినవాళ్లంతా వెంట వెళ్లడం అనే అర్థమే చేసుకున్నారు. అది అక్కడే ఆగింది.

నిఘంటువులో ఉన్న మాట 'బీడు'. మొదటి ప్రతిలో రెండు చోట్లా అదే పెట్టాం: 'బీడు విస్తీర్ణం', 'వరి బీడులో మినుము'.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నింపిన ఫారం ఈ దశ మొత్తానికీ ఆధారం. ఆయనకు 2 ఎకరాల 20 సెంట్ల మాగాణి ఉంది. ఖరీఫ్‌లో వరి, దాని మీద మినుము. ఖరీఫ్ గడిలో 'వరి 2.20' అని రాశారు. రబీ దగ్గరకొచ్చి పంటల జాబితాను వేలితో పైనుంచి కిందకి చూసుకుంటూ వెళ్లి, 'వరి బీడులో మినుము' దాటేసి, మళ్లీ వెనక్కి వచ్చి ఆగారు.

"బీడు మాకెక్కడుంది బాబూ? మాదంతా మాగాణి."

"మినుము వేస్తారు కదండీ?"

"వేస్తాం. కోత కోయకముందే చల్లుతాం. బీట్లో ఎవరన్నా చల్లుతారా?"

రబీ గడి ఖాళీగా వదిలేశారు. పరీక్ష కాబట్టి మేం ఏమీ చెప్పలేదు. కంప్యూటర్లో ఎక్కించేవారికి కాగితం మీద ఏముంటే అదే కనిపిస్తుంది. రబీలో పంట లేదు కనుక ఆ 2.20 ఎకరాలు నేరుగా 'బీడు విస్తీర్ణం' గడిలోకి వెళ్లిపోయాయి. ఏటా రెండు పంటలు పండే డెల్టా మాగాణి కాగితం మీద బీడు భూమి అయింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఇక్కడ మినుము ఎలా వేస్తారో చూడాలి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో తడి ఇంకా ఉండగానే, నిలబడి ఉన్న వరి చేలో మినుము విత్తనం చల్లేస్తారు. ఎకరాకు పదహారు కిలోల దాకా పడుతుంది, మెట్టలో గొర్రుతో వేసేదానికి రెట్టింపు. చల్లిన గింజల్లో కొన్ని దుబ్బుల్లో ఇరుక్కుంటాయి, కొన్ని కోతప్పుడు తొక్కుడు పడతాయి కాబట్టి అంత కావాలి. తర్వాత దుక్కి ఉండదు, ఎక్కువమంది నీరు పెట్టరు. నేలలో మిగిలిన పదునుతోనే డెబ్బై, ఎనభై రోజుల్లో పంట చేతికొస్తుంది. ఇంగ్లిషు మాటలో 'ఫాలో' అంటే వరి తీశాక దున్నకుండా ఉన్న చేను. మన 'బీడు' అంటే సాగు మానేసిన నేల. తన పొలాన్ని బీడని సంతకం పెట్టి ఒప్పుకోవడానికి ఏ రైతూ ఇష్టపడడు, పడకూడదు కూడా.

రుణం లెక్కలో దీని నష్టం ఎంతో చూద్దాం. కిసాన్ క్రెడిట్ కార్డు కింద మొదటి ఏడాది పరిమితి కట్టే పద్ధతి ఇది: ఎకరాకు జిల్లా సాంకేతిక కమిటీ నిర్ణయించిన రుణ పరిమితిని విస్తీర్ణంతో గుణించి, దానికి కోత తర్వాత ఖర్చులు, ఇంటి అవసరాల కోసం 10 శాతం, వ్యవసాయ పరికరాల మరమ్మతుల కోసం 20 శాతం కలుపుతారు. బీమా ప్రీమియం వేరు. లెక్క తేలిగ్గా ఉండటానికి వరికి ఎకరాకు 45,000, మినుముకు 20,000 అనుకుందాం. ఇవి ఊహ అంకెలు. మీ జిల్లా అంకెలు మీ సొసైటీ గోడ మీద ఉంటాయి.

రెండు పంటలూ రాస్తే:

1. వరి: 2.20 × 45,000 = 99,000
2. మినుము: 2.20 × 20,000 = 44,000
3. రెండూ కలిపి: 1,43,000
4. 30 శాతం కలిపితే: 1,43,000 + 42,900 = 1,85,900

రబీ గడి ఖాళీ ఉంటే:

1. వరి: 99,000
2. 30 శాతం కలిపితే: 99,000 + 29,700 = 1,28,700

తేడా 57,200 రూపాయలు. ఒక్క గడి పేరు వల్ల ఆయన పరిమితి అంత తగ్గింది.

పంటల జాబితాలో మాటని వెంటనే మార్చాం: వరి మాగాణిలో మినుము. ఇది కొత్తగా పుట్టించిన మాట కాదు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో, లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల ఉపన్యాసాల్లో ఎప్పటినుంచో వింటున్నదే. పక్కన చిన్న అక్షరాల్లో 'కోతకు ముందు చల్లేది' అని కూడా పెట్టాం, ఎందుకంటే కొద్దిమంది వరి కోశాక దుక్కి చేసి, గొర్రుతో మినుము వేసి నీరు పెడతారు. జాబితాలో అది వేరే వరుస, రుణ పరిమితి కూడా వేరే.

భూమి పట్టికలో గడి సంగతి వేరు. అసలు ఆ గడి ఎందుకుందో అడిగి తెలుసుకున్నాం. గణాంక శాఖ భూమిని తొమ్మిది రకాలుగా విడగొడుతుంది. వాటిలో ఈ ఏడాది పంట పడని భూమి ఒకటి. ఏడాదికి మించి అయిదేళ్ల లోపు ఖాళీగా ఉన్న భూమి ఇంకొకటి. అయిదేళ్లు దాటితే అది సాగుకు పనికొచ్చే బంజరు కింద చేరుతుంది. ఎవరో ఆ మూడు గళ్లనూ ఉన్నవి ఉన్నట్టు రుణం ఫారంలోకి దించేశారు. రుణం ఇవ్వడానికి రెండోదీ మూడోదీ అక్కర్లేదు. వాటి ఉపశీర్షికతో సహా తీసేయడానికి కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. మొదటిది ఉండాలి, కానీ 'బీడు' అనే పేరుతో కాదు. ఈ సీజన్‌లో పంట వేయని విస్తీర్ణం అని పెట్టాం, ఖరీఫ్‌కు ఒకటి, రబీకి ఒకటి. సీజన్ అనే మాట పైకి చదివితే అందరికీ తెలిసింది. 'కాలం' అంటే తెలియలేదు.

ఏడాది అనకుండా సీజన్ అనడానికి ఇంకో కారణం ఉంది. ఫారం ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరంలో నడుస్తుంది. అడంగల్ ఫసలీలో నడుస్తుంది, అంటే జులై 1 నుంచి జూన్ 30. ఫసలీ 1434 అంటే 2024 జులై నుంచి 2025 జూన్ వరకు. 'ఈ ఏడాది' అని అడిగితే గుమాస్తా ఒక ఏడాది చూసుకుంటాడు, రైతు ఇంకో ఏడాది చెబుతాడు. ఏప్రిల్లో మినుము తీసేసిన చేను చూసి 'ఈ ఏడాది ఖాళీ' అని ఎక్కించిన ఫారాలు పాత కట్టలో కనిపించాయి.

అంతా సర్దుకుందనుకున్నాక కంప్యూటర్ షీట్ అడ్డం తిరిగింది. రబీ పంట వేసిన తేదీ ఖరీఫ్ పంట కోసిన తేదీ తర్వాతే ఉండాలని అందులో ఒక తనిఖీ ఉంది. పెద్దాయన మినుము చల్లింది డిసెంబరు 2, వరి కోసింది డిసెంబరు 5. నిజం రాసిన ప్రతి మాగాణి రైతు ఫారం 'CHECK' అని తిరిగొచ్చింది. తేదీలు సరిచేసి రాయమనడం తేలిక, అలా చేస్తే అబద్ధం రాయించినట్టే. షీట్‌నే మార్చాం. D2 కోత తేదీ, E2 రెండో పంట వేసిన తేదీ. పాతది:

```
=IF(E2>D2,"OK","CHECK")
```

మాగాణి మినుము వరుసలకు మాత్రం కొత్తది:

```
=IF(E2>=D2-10,"OK","CHECK")
```

పది రోజులు ఎందుకంటే వాన పడితే కోత ఆగుతుంది. మనుషులో, మిషనో దొరక్కపోతే మరో నాలుగు రోజులు వెనక్కి పోతుంది. అంతకన్నా ముందు చల్లితే మొలక వరి నీడలో సన్నగా సాగిపోతుంది కాబట్టి మామూలుగా ఎవరూ చల్లరు. పది దాటితే గుమాస్తా అడగడమే మంచిది.

*లెక్క: తేలినవి 23. తీసేసినవి 3. మిగిలినవి 5.*

మధ్యలో ఒక చిన్న పని: విస్తీర్ణం గడి

మాట మీద గొడవేమీ లేదు. అంకె దగ్గరే వచ్చింది. ఫారంలో ఒకే గడి, హెక్టార్లలో అడుగుతోంది. ఇక్కడ భూమిని ఎకరాలు, సెంట్లలో చెబుతారు. 2 ఎకరాల 5 సెంట్లు అని చెప్పి కొందరు 2.5 అని రాశారు. చదివేవాడికి అది రెండున్నర ఎకరాలు. తేడా 45 సెంట్లు. గడిని రెండుగా చీల్చాం: ఎకరాలు ఒక గడిలో, సెంట్లు రెండంకెల గడిలో. హెక్టార్లు రైతుని అడగం, షీట్ లెక్కిస్తుంది:

```
=ROUND((A2+B2/100)/2.471,2)
```

2 ఎకరాల 20 సెంట్లకు 0.89 వస్తుంది. అడంగల్‌తో సరిచూసేది ఎకరాలనే, బ్యాంకుకి పంపేది హెక్టార్లను.

దశ 4: 'యీల్డ్'

దిగుబడి. రైతుకీ, గుమాస్తాకీ, పేపర్లకీ ఒకటే మాట. మొదటి ప్రతిలో పెట్టింది చివరి దాకా మారలేదు. కానీ ఆ గడిలో పడిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

ఫారం అడిగేది ఎకరాకు క్వింటాళ్లు. వరి రైతు బస్తాలు చెబుతాడు. ఇక్కడ వడ్ల బస్తా అంటే 75 కిలోలు. 28 బస్తాలు పండితే అది 21 క్వింటాళ్లు. గడిలో 28 అని పడితే మూడో వంతు ఎక్కువ చూపించినట్టే. తర్వాత బీమా దగ్గరో, వాయిదా తీర్చే శక్తి లెక్కల దగ్గరో ఆ అంకె రైతుకే అడ్డొస్తుంది. 'క్వింటాళ్లలో రాయండి' అని లావు అక్షరాల్లో పెట్టి చూశాం. అయినా బస్తాలే వచ్చాయి. చేను దగ్గర లెక్కపెట్టేది బస్తాలు కాబట్టి గుర్తుండేది కూడా అవే. మిర్చి రైతు టిక్కీలు చెబుతాడు, టిక్కీ బరువు తొక్కుడుని బట్టి నలభై కిలోల పైన అటూ ఇటూగా ఉంటుంది.

చివరికి రైతు లెక్కపెట్టిన విధంగానే అడిగాం:

1. ఎకరాకు ఎన్ని బస్తాలు / టిక్కీలు?
2. ఒక్కోటి ఎన్ని కిలోలు?
3. మిర్చి అయితే ఎండినదా, పచ్చిదా?
4. పత్తి అయితే గింజతో ఉన్న పత్తి బరువే రాయాలి.

```
=ROUND(B2*C2/100,2)
```

B2లో 28, C2లో 75 పెడితే 21 వస్తుంది. రైతుకి గుణకారం పని లేదు.

కౌలు రైతుల దగ్గర ఇంకో తేడా బయటపడింది. "ఎకరాకు ఎన్ని పండాయి?" అని అడిగితే యజమాని 30 చెబుతాడు. పక్క చేను కౌలుకి చేసేవాడు 14 చెబుతాడు. నేల ఒకటే, నీరు ఒకటే. బస్తాల రూపంలో కౌలు కట్టేశాక తనకు మిగిలింది చెబుతున్నాడని విడిగా అడిగితే గాని తెలియలేదు. అతనికి అదే దిగుబడి, అతని ఇంటికొచ్చింది అదే. ప్రశ్నలో 'కౌలు ఇవ్వకముందు, కళ్లంలో లెక్కపెట్టినవి' అని చేర్చాం. కౌలు ఎన్ని బస్తాలో అడిగే గడి ముందు పెట్టాం, తర్వాత తీసేశాం. సాగుదారు హక్కు పత్రం లేకుండా నోటి మాట మీద చేసేవాళ్లు ఆ గడి చూడగానే ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. రుణం రావాల్సింది వాళ్లకే కాబట్టి ఆ సమాచారం వదులుకోవడమే మేలనిపించింది. అది మేం చేర్చిన గడి కాబట్టి మాటల లెక్కలోకి రాదు.

*లెక్క: తేలినవి 27. తీసేసినవి 3. మిగిలింది 1.*

దశ 5: ఇంకా తేలనిది

మిగిలిన మాట 'ఇరిగేటెడ్'. పంటల జాబితాలో 'నీటి పారుదల కింద', 'వర్షాధారం' అని రెండే గళ్లున్నాయి. మెట్ట మిర్చికీ, పత్తికీ అవి సరిపోతున్నాయి. మాగాణి మినుము దగ్గర రెండూ సరిపోవడం లేదు. నేల కాలువ కిందది, అడంగల్‌లో కూడా అలాగే ఉంటుంది. పంటకు మాత్రం కాలువ నీరు పెట్టరు, వానని నమ్ముకునీ వేయరు. పరీక్షలో దాదాపు అందరూ మొదటి గడికి టిక్కు పెట్టారు, తమ పొలానికి కాలువ ఉంది కాబట్టి. గుమాస్తా మాత్రం రెండో గడి ప్రకారం రుణ పరిమితి చూస్తున్నాడు.

ప్రస్తుతానికి ప్రశ్నని రెండుగా విడగొట్టి పరీక్షిస్తున్నాం:

1. పొలానికి నీటి ఆధారం: కాలువ / బోరు / చెరువు / ఏదీ లేదు.
2. ఈ పంటకు నీరు పెడతారా: పెడతాం / పదునుతోనే పండుతుంది / వాన మీదే.

'పదునుతోనే' అన్న గడి చూసి తెనాలి వైపు రైతులు ఎక్కడా ఆగలేదు. పల్నాడు వైపు మెట్ట రైతులతో ఇంకా చూడాలి. అక్కడ నల్లరేగడిలో శనగ కూడా పదునుతోనే పండుతుంది, కానీ దాన్ని వర్షాధారం కిందే రాయడం అలవాటు. వాళ్లు ఏ గడి ఎంచుకుంటారన్నదాన్ని బట్టి జిల్లా రుణ పరిమితి పట్టికలో ఆ వరుస ఎక్కడ కలపాలో కార్యదర్శి గారు బ్యాంకుని అడుగుతారు. అప్పటిదాకా ఈ ఒక్క పేజీ పెన్సిలుతోనే ఉంటుంది, మిగతా నాలుగు పేజీలూ అచ్చుకి వెళ్లాయి.